నెల్లూరు స్టేషన్‌లో పదిహేను గంటలు: వెయిటింగ్ హాలు, క్లోక్ రూము, రిటైరింగ్ రూము

వేలూరు ఆసుపత్రిలో నాయనకు కడుపు ఆపరేషన్ చేయించి వెనక్కి వస్తున్నాం. నాయన, అమ్మ, నేను. డిశ్చార్జి ఎప్పుడిస్తారో చివరిదాకా తెలియలేదు కాబట్టి కాట్పాడి నుంచి సికింద్రాబాదుకు నేరుగా వెళ్లే బళ్లలో మాకు బెర్తులు దొరకలేదు. దొరికిందల్లా నెల్లూరు దాకా ఒక బండి, నెల్లూరు నుంచి సికింద్రాబాదుకు ఇంకో బండి. మొదటిది తెల్లవారుజామున ఐదు ప్రాంతంలో దించుతుంది. రెండోది రాత్రి ఎనిమిదిన్నర దాటాక. నడుమ పదిహేను గంటలకు పైనే.

మా సొంతూరు ఉదయగిరి పక్కన. నెల్లూరు నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. కుట్లు పచ్చిగా ఉన్న మనిషిని బస్సులో అంత దూరం కుదుపుతూ తీసుకెళ్లి, సాయంత్రానికి మళ్లీ వెనక్కి తేవడం కుదిరే పని కాదు. లాడ్జీ తీసుకుందామా అనుకున్నాం. ఆటో ఎక్కించాలి, దించాలి, సామాను మోయాలి, రాత్రి బండి టైముకు మళ్లీ అదంతా చేయాలి. నాయనకు కావలసింది పడుకోవడానికి ఒక మంచం, దగ్గర్లో బాత్రూము. రెండూ స్టేషన్‌లోనే దొరుకుతాయి. రిజర్వేషన్ టికెట్టు ఉంటే మనకు దక్కాల్సిన సౌకర్యాలే అవి. కాకపోతే ఏ టికెట్టు, ఏ టైము, ఎవరి పేరు అన్న మూడు విషయాల దగ్గరే అన్నీ ఆగుతాయి. ఇంట్లో పెద్దవాళ్లను, జబ్బు మనుషులను తీసుకుని ఇలా మధ్యలో ఆగాల్సి వచ్చేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు గది సంగతి. రిటైరింగ్ రూములు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇస్తున్నారు. సైటు rr.irctctourism.com. రైలు టికెట్లు కొనే ఖాతాతోనే లోపలికి వెళ్లొచ్చు. అక్కడ మొట్టమొదట అడిగేది పీఎన్ఆర్ నంబరు. ఆ టికెట్టు కన్ఫర్మ్ అయ్యుండాలి, లేదా ఆర్ఏసీ అయినా అయ్యుండాలి. పూర్తిగా వెయిటింగ్ లిస్టులో ఉన్న టికెట్టుతో గది ఇవ్వరు. ఇంకొక షరతు ఏమిటంటే, ఆ టికెట్టులో మనం ఎక్కే స్టేషన్లోగానీ దిగే స్టేషన్లోగానీ మాత్రమే గది అడగొచ్చు. దారిలో తగిలే స్టేషన్‌లో కుదరదు. కాట్పాడి నుంచి సికింద్రాబాదుకు ఒకే టికెట్టు ఉండి నెల్లూరులో దిగి గది తీసుకుందామంటే ఆ పీఎన్ఆర్‌తో నెల్లూరు పేరే కనిపించదు.

మాకు రెండు టికెట్లు ఉన్నాయి కాబట్టి నెల్లూరు ఒకదానికి దిగే స్టేషన్, ఇంకోదానికి ఎక్కే స్టేషన్. అంటే రెండింటిలో దేనితోనైనా గది తీసుకోవచ్చన్నమాట. నేను మొదట సికింద్రాబాదు టికెట్టు నంబరు వేశాను. అప్పటికి అది వెయిటింగ్ లిస్టులోనే ఉంది, సైటు ఒప్పుకోలేదు. కాట్పాడి టికెట్టు ముగ్గురికీ కన్ఫర్మ్. దాన్ని వేసి, దిగే స్టేషన్ ఎంచుకోగానే గదుల వివరాలు వచ్చాయి. ఇలా మధ్యలో ఆగే ప్రయాణంలో వచ్చే టికెట్టుతో గది తీసుకోవడమే నాకు నికరంగా అనిపించింది. వెళ్లే టికెట్టు అటూ ఇటూ అయినా, ఆ పూట నాయన పడుకోవడానికి చోటు మాత్రం ఖాయం.

వెయిటింగ్ లిస్టు గురించి ఇక్కడే ఒక మాట. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్టు చార్టు తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే మిగిలితే అది దానంతటదే రద్దయి డబ్బులు ఖాతాకు తిరిగొస్తాయి. ఆ క్షణం నుంచి మన చేతిలో ఆ బండికి టికెట్టు లేనట్టే. గదికే కాదు, వెయిటింగ్ హాలులో కూర్చోవడానికి, క్లోక్ రూములో పెట్టె పెట్టడానికి కూడా అది పనికిరాదు. అందుకే మా సికింద్రాబాదు టికెట్టు బయల్దేరే ముందురోజు అమ్మానాయనలకు కన్ఫర్మ్, నాకు ఆర్ఏసీ అయ్యిందని చూశాక గానీ నా టెన్షన్ తగ్గలేదు. ఆర్ఏసీ అంటే కూర్చునే సీటు ఖాయం, బండి ఎక్కే హక్కు ఉన్నట్టే. స్టేషన్ సౌకర్యాలకు కూడా అది చెల్లుతుంది.

ఇక టైము. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. గది అద్దె కొన్ని స్టేషన్లలో గంటల లెక్కన, చాలాచోట్ల 12 గంటలకో 24 గంటలకో ఇస్తారు. గరిష్ఠంగా 48 గంటలు. ఆ గడియారం మన బండి వచ్చినప్పటి నుంచి తిరగదు. బుక్ చేసేటప్పుడు మనం వేసిన టైము నుంచే తిరుగుతుంది. ఐదింటికి దిగుతాం కదా అని ఐదు నుంచి సాయంత్రం ఐదు దాకా తీసుకున్నామనుకోండి, బండి రెండు గంటలు లేటైతే ఆ రెండు గంటలూ పోయినట్టే, పైగా సాయంత్రం ఐదుకే ఖాళీ చేయాలి. బండి ఇంకా రాలేదు కాబట్టి టైము జరపండి అని అడిగితే జరిపేది కాదు, ఎందుకంటే మన తర్వాత ఇంకొకరికి అదే గది ఇచ్చి ఉంటారు.

మాకు కావలసింది పదిహేను గంటలు. 24 గంటలకు తీసుకుంటే తొమ్మిది గంటల అద్దె వృథా. 12 గంటలకు తీసుకుంటే మూడు గంటలు తక్కువ. నేను కాగితం మీద రాసుకుని చూశాను. నాయనకు పడక ఎక్కువ అవసరమయ్యేది ఏ వేళలో? ఉదయం మందులేసుకున్నాక, మధ్యాహ్నం భోజనం తర్వాత. తెల్లవారుజామున రెండు గంటలు, సాయంత్రం గంటన్నర వెయిటింగ్ హాలులో కూర్చోగలడు. అలా ఉదయం ఏడు నుంచి రాత్రి ఏడు దాకా 12 గంటలకు బుక్ చేశాను. బండి రెండు గంటలు లేటైనా గది టైము పోదు. టైముకే వస్తే వెయిటింగ్ హాలు ఉంది.

గది అడిగేటప్పుడు ఏసీ, నాన్ ఏసీ అని, ఒక మంచం, రెండు మంచాలు, డార్మిటరీ అని ఉంటాయి. డార్మిటరీ అంటే పెద్ద హాలులో వరసగా మంచాలు, మనకు ఒక మంచం. ఒంటరిగా వచ్చే మగవాళ్లకు అది చవక, హాయి. ఆడవాళ్లతో వచ్చినవాళ్లకు చాలాచోట్ల అది కుదరదు, మగవాళ్లకే ఇస్తారు కాబట్టి. మాకు రెండు మంచాల గది దొరికింది. డబ్బు కట్టేముందు ఒక గుర్తింపు కార్డు నంబరు అడుగుతుంది. ఏ కార్డు నంబరు వేశామో ఆ కార్డే చేతిలో ఉండాలి. నేను నాయన పేరు మీద కాకుండా నా పేరు మీద, నా ఆధార్‌తో తీసుకున్నాను. తాళాలు తీసుకోవడానికి, సంతకం పెట్టడానికి తిరగాల్సింది నేనే కదా. నా పేరు ఆ పీఎన్ఆర్‌లో ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

బిల్లు చూసినప్పుడు ఒకటి గమనించాను. జీఎస్టీ లేదు. 2024 జూన్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో రైల్వే ప్రయాణికులకు నేరుగా ఇచ్చే ప్లాట్‌ఫారం టికెట్టు, రిటైరింగ్ రూము, వెయిటింగ్ రూము, క్లోక్ రూము, బ్యాటరీ కారు సేవలకు పన్ను తీసేయాలని నిర్ణయించారు. 2024 జూలై 15 నుంచి అది అమల్లో ఉంది. రైల్వే నేరుగా నడిపే గదికిగానీ క్లోక్ రూముకుగానీ ఎవరైనా జీఎస్టీ కలిపి అడిగితే రసీదు చూపించమని నిలదీయొచ్చు. కాంట్రాక్టుకు ఇచ్చిన లాంజ్‌ల సంగతి వేరు, అక్కడ రేట్లూ పన్నులూ వాళ్ల బోర్డు ప్రకారం ఉంటాయి.

బండి పెద్దగా ఆలస్యం లేకుండానే నెల్లూరు చేర్చింది. ఇంకా చీకటే. నాయనను మెల్లగా దింపి బెంచీ మీద కూర్చోబెట్టి, అమ్మను తోడు పెట్టి, నేను ముందు వెయిటింగ్ హాలు చూసి వచ్చాను. వెయిటింగ్ హాళ్లలో తేడాలుంటాయి. జనరల్ హాలులో టికెట్టున్న ఎవరైనా కూర్చోవచ్చు. రిజర్వేషన్ వాళ్లకు, పై తరగతుల వాళ్లకు వేరే హాలుంటే దాని ముందు అటెండరు ఉంటారు. ఆడవాళ్లకు విడిగా ఉండే హాలులోకి పెద్ద మగపిల్లలను, మగవాళ్లను రానివ్వరు. ముగ్గురం కలిసి ఉండాలంటే అది కుదరదు, అమ్మ ఒక్కతే అక్కడ, నాయన ఒక్కడే ఇక్కడ అయిపోతారు.

తలుపు దగ్గర రిజిస్టరు ముందేసుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

"ఏ బండికి వచ్చారమ్మా? ఏ బండికి పోతారు?" అని అడిగింది.

రెండూ చెప్పాను. ఫోనులో రెండు టికెట్లూ చూపించాను. ఆవిడ వెళ్లే బండి పీఎన్ఆర్ రాసుకుంది, పేరు, ఎంతమంది, లోపలికి వచ్చిన టైము రాసి సంతకం పెట్టమంది. వచ్చిన బండి టికెట్టు ఎందుకు రాసుకోలేదని అడిగాను. "దిగినోళ్లు కాసేపు కూర్చుని పోతారు. మీరు రాత్రి దాకా ఉంటామంటున్నారు. ఎవురైనా చెకింగ్‌కి వొస్తే పొయ్యే బండి ఉంటేనే గదమ్మా జవాబు చెప్పేది" అంది. ఆవిడ చెప్పినదాంట్లో చాలా అర్థముంది. దిగిన టికెట్టు ప్రయాణం ముగిసిన టికెట్టు. రాబోయే బండి టికెట్టే మనం స్టేషన్‌లో ఎందుకున్నామో చెబుతుంది. గదికి వచ్చే టికెట్టు నికరమైతే, హాలుకూ క్లోక్ రూముకూ వెళ్లే టికెట్టు నికరం.

ఫోనులో మెసేజీ చూపిస్తే చాలు, కాగితం అక్కర్లేదు. అయినా నేను రెండు టికెట్లూ ప్రింటు తీసి పెట్టుకున్నాను. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాక ఫోను చార్జింగ్ ఎంత మిగిలుంటుందో చెప్పలేం. నాయన దగ్గర ఒక కాపీ, నా దగ్గర ఒక కాపీ ఉంటే నేను ఎటైనా వెళ్లినప్పుడు వాళ్లను ఎవరైనా అడిగినా ఇబ్బంది ఉండదు.

నాయనను హాలుకు తేవడానికి చక్రాల కుర్చీ అడిగాను. ప్లాట్‌ఫారం మీద డ్యూటీలో ఉన్న స్టేషన్ సూపరింటెండెంట్ ఆఫీసులో అడగాలి. కుర్చీకి డబ్బు అడగరు. తోసేందుకు కూలీని పెట్టుకుంటే ఆ కూలి మనం ఇవ్వాలి. నేనే తోసుకుని వెళ్లాను.

వాళ్లిద్దరూ కుదురుకున్నాక సామాను పని చూశాను. రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక బట్టల బ్యాగు, ఒక చేతిసంచి. నాయన ఏ బరువూ ఎత్తకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. అమ్మ ఎత్తలేదు. పొద్దున గదికి, సాయంత్రం గది నుంచి హాలుకు, హాలు నుంచి బండికి ఇన్నిసార్లు నేను ఒక్కదాన్నే మోయడం కంటే పెద్దవి క్లోక్ రూములో పెట్టి రాత్రి ఒక్కసారే తీసుకోవడం మేలనిపించింది.

క్లోక్ రూములో సామాను పెట్టాలంటే మూడు ఉండాలి. చెల్లే టికెట్టు, గుర్తింపు కార్డు, ప్రతి పెట్టెకూ తాళం. ఈ మూడోదే చాలామందిని వెనక్కి పంపిస్తుంది. జిప్పు వేసి ఉంటే చాలదు. తాళం వేయని సామాను తీసుకోకపోవడం రైల్వే నియమం. సూట్‌కేసులకు నంబరు తాళాలు ఉన్నాయి. బట్టల బ్యాగు జిప్పు రెండు కొనలనూ కలిపి వేసే చిన్న తాళం నేను వేలూరులోనే కొని పెట్టుకున్నాను. తెల్లవారుజామున స్టేషన్ బయట తాళం కప్పలు అమ్మే అంగడి తెరిచి ఉండదు కదా. గోనెసంచులు, ప్లాస్టిక్ కవర్లు, పైన తాడు కట్టిన అట్టపెట్టెలు తాళానికి వీలుకానివి కాబట్టి తీసుకోరు. పాడైపోయే తిండి పదార్థాలు, మండే వస్తువులు అసలే కుదరవు. పెద్ద స్టేషన్లలో ముందు స్కానర్‌లో పెట్టి, రైల్వే పోలీసుల స్టిక్కరు వేయించుకుని రమ్మంటారు. చిన్న స్టేషన్లలో విడిగా క్లోక్ రూము లేకపోతే పార్శిల్ ఆఫీసులో అడగాలి, చాలాచోట్ల ఈ పని చూసేది వాళ్లే.

లోపల పెట్టేముందు బ్యాగులన్నీ ఒకసారి విప్పి సర్దాను. నాయన మందులు, ఆసుపత్రి ఫైలు, స్కాన్ ఫిల్ములు, డబ్బు, చార్జరు, ఒక జత బట్టలు, తువ్వాళ్లు చేతిసంచిలోకి మార్చాను. రాత్రి దాకా ఆ పెట్టెలు మనకు లేవు అనుకుని సర్దుకోవాలి. మధ్యలో తీసి మళ్లీ పెడితే అది కొత్తగా పెట్టినట్టే, మళ్లీ డబ్బు కట్టాలి.

రుసుము ఒక్కో నగానికి ఇంత అని ఉంటుంది. మొదటి 24 గంటలకు ఒక రేటు, అది దాటితే ఆ తర్వాతి ప్రతి 24 గంటలకూ కాస్త ఎక్కువ రేటు. రెండు గంటలు పెట్టినా పదిహేను గంటలు పెట్టినా ఒక రోజు లెక్కే. నగం లెక్క కాబట్టి చిన్న బ్యాగును పెద్ద సూట్‌కేసులో ఇరికిస్తే ఒక నగం తగ్గుతుంది. మా బట్టల బ్యాగు అలా పట్టలేదు, మూడు నగాలకు కట్టాను.

రసీదు చేతికిచ్చాక అక్కడే నిలబడి చదవాలి. ఈ అలవాటు నాకు ఇదివరకు వేరే రాష్ట్రంలో ఒక పెద్ద జంక్షన్‌లో వచ్చింది. అక్కడ మూడు బ్యాగులు ఇస్తే రసీదులో రెండు అని రాశారు. నేను పక్కకు రాకముందే చూశాను కాబట్టి సరిచేశారు. చూడకపోతే సాయంత్రం డ్యూటీ మారాక వేరే మనిషి ముందు మూడో బ్యాగు మాదే అని నిరూపించడం ఎంత కష్టం! నగాల సంఖ్య, పీఎన్ఆర్, పెట్టిన తేదీ, టైము ఈ నాలుగూ సరిచూసుకోవాలి. బ్యాగులకు అంటించే చీటీ మీద నంబరు, రసీదు మీద నంబరు ఒకటేనా చూసుకోవాలి. నేను బ్యాగులన్నిటినీ వాటి చీటీలతో సహా ఒక ఫోటో, రసీదును ఒక ఫోటో తీసుకున్నాను. రసీదు పోతే సామాను ఇవ్వరని కాదు. కానీ గుర్తింపు కార్డు చూపించి, లోపల ఏమేమి ఉన్నాయో చెప్పి, హామీ పత్రం రాసివ్వాలి. బండి ముందున్నప్పుడు ఆ తతంగానికి టైము ఉండదు.

ఏడు కావడానికి ముందే రిటైరింగ్ రూము కౌంటరు దగ్గరికి వెళ్లాను. ఫోనులో వచ్చిన బుకింగ్ చీటీ, టికెట్టు, ఆధార్ చూపించాను. రిజిస్టరులో ముగ్గురి పేర్లూ రాయించారు. గది తాళం ఇచ్చేముందు నేను ఒకసారి చూసి వస్తానని అడిగాను, సరే అన్నారు. ఇది ప్రతి ఒక్కరూ చేయాలి. కుళాయిలో నీళ్లు, ఫ్లష్షు, ఫ్యాను, తలుపు గడియ, దుప్పట్లు చూసుకోవాలి. ఏదైనా తేడా ఉంటే గదిలో సామాను పెట్టకముందే చెబితే మార్చడానికి వీలుంటుంది. మాట వినకపోతే 139కి ఫోను చేయొచ్చు, రైల్ మదద్‌లో పీఎన్ఆర్ వేసి ఫిర్యాదు పెట్టొచ్చు. మాకు ఆ అవసరం రాలేదు.

గది విషయంలో ఆపరేషన్ అయిన మనిషితో వచ్చేవాళ్లు ముందే తెలుసుకోవలసింది ఒకటుంది. చాలా స్టేషన్లలో రిటైరింగ్ రూములు పై అంతస్తులో ఉంటాయి. బుకింగ్ సైటులో ఏ అంతస్తో కనపడదు. మా నాయన మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కగలడని ఫిజియోథెరపీ వాళ్లు చూసి చెప్పారు కాబట్టి నేను ధైర్యం చేశాను. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లనైతే స్టేషన్‌లో ముందే అడిగి తెలుసుకోకుండా నేను తీసుకురాను. అలాంటివాళ్లకు మెట్లు లేని వెయిటింగ్ హాలే మేలు, మంచం లేకపోయినా.

నాయన స్నానం చేయలేడు. అమ్మ వేడినీళ్లు అడిగి తెచ్చి తడిగుడ్డతో ఒళ్లు తుడిచింది. ఇడ్లీలు బయటి నుంచి తెచ్చాను. గదిలో పొయ్యిగానీ, కరెంటు కుక్కరుగానీ పెట్టకూడదు. మందులేసుకుని మంచం మీద వాలగానే ఆయనకు నిద్ర పట్టింది. వేలూరులో ఆసుపత్రి నుంచి బయటకు వచ్చాక ఆయన కాళ్లు చాపుకుని నిశ్చింతగా పడుకున్నది అప్పుడే. ఆ గదికి కట్టిన ప్రతి రూపాయికీ అక్కడే ఫలితం దక్కింది.

పదకొండు దాటాక ఊరి నుంచి మా చిన్నాన్న వచ్చాడు. అన్నను చూడాలని పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. చేతిలో గోనెసంచి. అందులో కందిపప్పు, ఎండుమిరపకాయలు, ఇంకా ఇంటి సామాన్లు ఏవేవో.

ఇక్కడ రెండు చిక్కులు. చిన్నాన్నకు టికెట్టు లేదు. ఆయన ప్లాట్‌ఫారం మీదికి రావాలంటే పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టు కొనాలి. అది రెండు గంటలకే చెల్లుతుంది. దాంతో వెయిటింగ్ హాలులో కూర్చునే హక్కు రాదు. గదిలోకి రావడానికీ రాదు. గది రిజిస్టరులో రాసిన ముగ్గురికే ఇచ్చారు.

"ఏందమ్మాయ్, మా అన్నను చూసేదానికి కూడా పర్మిషనా?" అన్నాడు బాధగా.

ఆయన బాధ న్యాయమైనదే. నేను కౌంటరులో ఉన్నాయన దగ్గరికి వెళ్లి, వచ్చింది మా నాయన సొంత తమ్ముడని, ఆపరేషన్ అయిన మనిషి కిందికి రాలేడని చెప్పాను. ఆయన చిన్నాన్న ఆధార్ చూసి, రిజిస్టరులో సందర్శకుడిగా పేరు, టైము రాసుకుని, కాసేపు చూసి వచ్చేయండి అన్నాడు. ఇది ఆయన మంచితనం, మన హక్కు కాదు. కుదరదన్నా మనం తప్పు పట్టలేం. ఎవరెవరో గదుల్లోకి వచ్చిపోతుంటే పక్క గదిలో ఒంటరిగా దిగిన ఆడమనిషికి రక్షణ ఏముంటుంది? అన్నదమ్ములిద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. తర్వాత నేనూ చిన్నాన్నా కిందికి వచ్చేశాం. చూడటానికి వచ్చేవాళ్లు ఉంటే గది టైము మొదలవకముందో ముగిశాకో, ప్లాట్‌ఫారం బెంచీ దగ్గర కలిసేలా చెప్పడం అందరికీ సులువు.

రెండో చిక్కు గోనెసంచి. దాన్ని క్లోక్ రూములో తీసుకోరు. గదికి మోయాలంటే బరువు. చిన్నాన్న తాడు గట్టిగా బిగించి, "ఇంకేం తాళం కావాల?" అన్నాడు. తాడు కోస్తే తెలియదా అని ఆయన వాదన. క్లోక్ రూము వాళ్ల లెక్క వేరు. తాళం ఉంటే లోపలిది వాళ్లు ముట్టలేదని రుజువు. తాడు విప్పి మళ్లీ కట్టొచ్చు, ఒక కిలో తగ్గిందంటే వాళ్ల మీదికి వస్తుంది. అందుకే వాళ్లు తీసుకోరు, అది సబబే. చివరికి చిన్నాన్న, నేను బజారుకు వెళ్లి జిప్పు ఉన్న ఒక రెగ్జిన్ బ్యాగు, ఒక తాళం కొన్నాం. పప్పూ మిరపకాయలూ మూటలు కట్టి అందులో సర్దాం. నిలవ ఉండే సరుకే కాబట్టి క్లోక్ రూములో అభ్యంతరం చెప్పలేదు. పెరుగు, పండ్లు మాత్రం పైకి తీసుకెళ్లాం. కొత్త నగానికి కొత్త రసీదు ఇచ్చారు. ఇప్పుడు నా దగ్గర రెండు రసీదులు. రెండింటినీ టికెట్టు కాపీకి పిన్ను కొట్టి పెట్టుకున్నాను.

మధ్యాహ్నమంతా అమ్మా నాయనా పడుకున్నారు. నేను నిద్రపోకుండా ఫోనులో రాత్రి బండి ఎక్కడుందో చూసుకుంటూ ఉన్నాను. రిటైరింగ్ రూములో ఉన్నవాళ్లను బండి వచ్చిందని ఎవరూ లేపరు. మైకులో చెప్పేది గదిలోకి సరిగా వినపడుతుందన్న నమ్మకం కూడా ఉండదు. అలారం పెట్టుకోవడం మన పని.

ఆరుంపావుకు నాయనను లేపాం. గది ఏడుకు ఖాళీ చేయాలంటే ఆరున్నరకే సర్దడం మొదలుపెట్టాలి, ఆయన మెల్లగా కదులుతాడు కాబట్టి. టైము దాటితే తర్వాతి స్లాటు అద్దె పడే వీలుంది. తాళం తిరిగి ఇచ్చి, ఖాళీ చేసిన టైము రిజిస్టరులో రాయించి సంతకం పెట్టాను. పొద్దున హాలులో ఉన్నావిడ డ్యూటీ దిగిపోయింది. ఇంకొకామె ఉంది. మళ్లీ వెళ్లే బండి పీఎన్ఆర్ రాయించాను. పొద్దున రాశాం కదా అనడానికి వీల్లేదు, మధ్యలో బయటికి వెళ్లినట్టే లెక్క.

క్లోక్ రూముకు ఏడున్నరకే వెళ్లాను. బండి వచ్చే అరగంట ముందు వెళ్తే అక్కడ నాలాంటివాళ్లే పదిమంది ఉంటారు. కౌంటరు మనిషి లోపల సామాను వెతుకుతూనో, భోజనానికి వెళ్లో కనపడకపోతే మనకు కాళ్లాడవు. నేను వెళ్లేసరికి కౌంటరు ఖాళీగానే ఉంది. రెండు రసీదులూ ఇచ్చాను. నాలుగు నగాలూ బయట పెట్టించుకుని, చీటీల నంబర్లు ఫోనులో ఫోటోతో పోల్చి, తాళాలన్నీ లాగి చూసి, అప్పుడు సంతకం పెట్టాను. సంతకం పెట్టాక ఏదైనా తగ్గిందంటే వినేవాళ్లు ఉండరు.

అక్కడ నుంచి కూలీని మాట్లాడుకున్నాను. కోచ్ ఎక్కడ ఆగుతుందో ముందే అడిగి, సామానుతో అతన్ని అక్కడికి పంపించి, నేను నాయనను చక్రాల కుర్చీలో తీసుకెళ్లాను. చిన్నాన్న ఊరి బస్సు వదిలేసుకుని మళ్లీ ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని వచ్చాడు. బండి రాగానే నాయనను ఎక్కించి, సామాను అందించింది ఆయనే. కింది బెర్తు మీద నాయన పడుకున్నాక, రెగ్జిన్ బ్యాగు బెర్తు కిందికి నెట్టి, గొలుసుతో సూట్‌కేసులకు కలిపి తాళం వేశాను. నా ఆర్ఏసీ సీటుకు బెర్తు దొరుకుతుందేమోనని టీటీఈ కోసం చూస్తూ కూర్చున్నాను. ఒంగోలు దాటాక ఆయన వచ్చి, ఖాళీ ఉందని నాకు బెర్తు రాసిచ్చారు.